తొలినీటి మళ్లింపు, తొట్టి మట్టం కొలత: పైకప్పు వాననీటి సేకరణ నమూనా – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: సివిల్, పర్యావరణ ఇంజనీరింగ్ విద్యార్థులు రూపొందించే వాననీటి సేకరణ నమూనాలో రెండు భాగాలు ముఖ్యం. ఒకటి తొలివాన మురికినీటిని పక్కకు మళ్లించే గొట్టం, రెండవది తొట్టిలోని నీటిమట్టాన్ని చెప్పే సెన్సర్. సాధారణంగా ఈ రెంటినీ వేర్వేరు పనులు చేసే పరికరాలుగా చూపుతారు. మట్టం సెన్సర్ నిజమైన ప్రయోజనం తొట్టి నిండిందని చెప్పడంలో కాక, మళ్లింపు గొట్టం పనిచేసిందా లేదా అన్నదానికి సాక్ష్యం ఇవ్వడంలో ఉందని ఈ వ్యాసం ఒక చదరపు మీటరు నమూనా కొలతలతో వివరిస్తుంది.

కీలక పదాలు: చూరునీరు, తొలినీటి మళ్లింపు, అడుగు రంధ్రం, నీటిమట్టం, అల్ట్రాసోనిక్ సెన్సర్, నమూనా పరిమాణం.

1. చూరునీటిలో తొలి మిల్లీమీటరు

ఇంటి కప్పు మీద పడిన వాననీటిని పట్టుకోవడం తెలుగు పల్లెలకు కొత్త విద్య కాదు. చూరు కింద గంగాళం పెట్టి నీళ్లు పట్టిన ఇల్లాలికి ఒక నియమం తెలుసు. వాన మొదలవగానే పాత్ర పెట్టకూడదు; కప్పు కడుక్కుపోయేదాకా ఆగాలి. ఎంతసేపు ఆగాలో ఆమె గడియారం చూసి చెప్పలేదు. చూరు నుంచి జారే ధార రంగు తేరిందా లేదా అని చూసి తేల్చుకొనేది. ఇంజనీర్లు ‘ఫస్ట్ ఫ్లష్ డైవర్టర్’ అని పిలిచే పరికరం ఈ కంటిచూపు స్థానంలో ఒక గొట్టాన్ని నిలబెడుతుంది. దానిని ఈ వ్యాసంలో ‘మళ్లింపు గొట్టం’ అని వ్యవహరించడం జరిగింది. గొట్టానికి రంగు తెలియదు. తెలిసినదల్లా తన కడుపులో పట్టే నీటి పరిమాణమే. కాబట్టి ఇల్లాలి చూపును లీటర్లలోకి మార్చడమే రూపకర్త ఎదుట ఉన్న మొదటి సమస్య.

ఈ సమస్య ప్రదర్శన బల్లతో ముగిసేది కాదు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో గుర్తించి నివేదించారు. నల్లగొండ జిల్లా పేరు ఆ వ్యాధికి పర్యాయపదంగా మారిన చరిత్ర తెలుగు పాఠకులకు తెలిసినదే. భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్నచోట చూరునీరు తాగునీటికి ప్రత్యామ్నాయం. వాననీటిలో ఫ్లోరైడు దాదాపు ఉండదు. అయితే ఆ నీరు కప్పు మీది దుమ్మును, పక్షుల రెట్టలను, ఎండుటాకుల పొడిని, వాటితోపాటు సూక్ష్మజీవులను వెంటబెట్టుకొని వస్తుంది. బావిలోని ఒక దోషాన్ని తప్పించుకోబోయి కప్పు మీది మరొక దోషాన్ని ఇంట్లోకి తెచ్చుకోకుండా చూడడమే మళ్లింపు గొట్టం పని.

ఎంత నీటిని వదిలేయాలి? ఈ ప్రశ్నకు ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్సన్, థామస్ 2005లో ఒక సులభ సూత్రం ప్రతిపాదించారు. కప్పు మీద పడే ప్రతి తొలి మిల్లీమీటరు వానను వదిలేసినప్పుడల్లా, వచ్చే నీటిలోని కాలుష్య భారం సుమారు సగానికి తగ్గుతుంది. ఒక మిల్లీమీటరు వదిలితే సగం, రెండు వదిలితే పాతిక భాగం, మూడు వదిలితే ఎనిమిదో వంతు మిగులుతుంది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రపు వాననీటి సేకరణ కరదీపిక కనీస పరిమాణంగా వెయ్యి చదరపు అడుగులకు పది గ్యాలన్లు సూచించింది. మెట్రిక్ కొలతలోకి మారిస్తే అది 0.4 మి.మీ. మాత్రమే. మొదటి సూత్రం ప్రకారం చూస్తే ఈ కనీస పరిమాణం కాలుష్యంలో నాలుగో వంతును మాత్రమే తొలగించగలదు. ఈ రెంటిలో ఏది సరైనదని అడగడం కంటే, నీటిని దేనికి వాడతారని అడగడం మేలు. తోటకు పోసే నీటికి 0.4 మి.మీ. చాలు, తాగునీటికి చాలదు. ప్రస్తుత నమూనాకు 2 మి.మీ. ప్రమాణంగా తీసుకోవడం జరిగింది.

2. ఒక చదరపు మీటరు కప్పు: లెక్కను తేలిక చేసే ఎంపిక

వాన మిల్లీమీటర్లలో చెప్పేది లోతు, పరిమాణం కాదు. రైతు ‘పదును’ అన్నప్పుడు చెప్పేదీ నేలలోకి తడి దిగిన లోతునే గనుక ఈ భావన తెలుగువారికి దూరమైనది కాదు. లోతును కప్పు వైశాల్యంతో గుణిస్తే నీటి పరిమాణం వస్తుంది:

V = A × d

ఇందులో A చదరపు మీటర్లలో, d మిల్లీమీటర్లలో ఉంటే V నేరుగా లీటర్లలో వస్తుంది. నమూనా కప్పుగా ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గల జింకు రేకును వాలుగా అమర్చితే ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు అవుతుంది. రెండు మిల్లీమీటర్ల తొలినీరు రెండు లీటర్లు. వైశాల్యం అంటే రేకు వాలు పొడవు కాక, పైనుంచి చూసినప్పుడు అది ఆక్రమించే చోటు అని గుర్తుంచుకోవాలి. వాలు ఎక్కువైతే ఈ రెంటికీ తేడా వస్తుంది.

తొట్టిని కూడా ఇదే దృష్టితో ఎంచుకోవచ్చు. లోపలి వ్యాసం 36 సెం.మీ. ఉన్న నిలువు గోడల డ్రమ్ములో అడ్డకోత వైశాల్యం 0.102 చదరపు మీటర్లు. అంటే మట్టం ఒక సెంటీమీటరు పెరిగితే దాదాపు ఒక లీటరు చేరినట్టు. అప్పుడు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన, గొట్టంలో ఒక లీటరు, తొట్టిలో ఒక సెంటీమీటరు అనే మూడు కొలతలు ఒకే అంకెతో నడుస్తాయి. నడుము ఉబ్బిన డ్రమ్ములు ఈ పనికి పనికిరావు. వాటిలో అడుగున ఒక సెంటీమీటరుకు, నడిమిన ఒక సెంటీమీటరుకు నీరు ఒకటే కాదు.

మళ్లింపు గొట్టానికి 75 మి.మీ. పీవీసీ పైపు తీసుకుందాం. లోపలి వ్యాసం 70 మి.మీ. అనుకుంటే మీటరు పొడవులో 3.85 లీటర్లు పడతాయి. రెండు లీటర్లకు 52 సెం.మీ. పొడవు కావాలి. తూము నుంచి వచ్చే పైపుకు ‘టీ’ జాయింటు తగిలించి, దాని కింది కాలికి ఈ గొట్టాన్ని నిలువుగా వేలాడదీయాలి. టీ ఎదుటి కాలు తొట్టికి పోతుంది. గొట్టం పైమూతిని 75 మి.మీ. నుంచి 40 మి.మీ.కు తగ్గించే రెడ్యూసర్‌తో ఇరుకు చేసి, లోపల ఒక టేబుల్ టెన్నిస్ బంతి వేయాలి. ఆ బంతి వ్యాసం 40 మి.మీ. కనుక దాదాపు 36 మి.మీ. ఉండే లోపలి మెడను అది మూయగలదు. నీరు నిండేకొద్దీ బంతి తేలుతూ పైకి వచ్చి మెడలో కూర్చుంటుంది. అటుపై వచ్చే నీరు తొట్టి దారి పడుతుంది.

బంతి లేకపోయినా గొట్టం నిండాక నీరు తొట్టికే పోతుంది కదా అని విద్యార్థులు అడగడం సహజం. పోతుంది. కానీ పైన పారే ధార గొట్టంలోని మురికినీటిని కలియబెట్టి, కొంత కొంతగా తనతో లాక్కుపోతుంది. బంతి ఈ కలయికను అడ్డుకుంటుంది. మెడ మరీ ఇరుకైతే ఇంకో చిక్కు ఉంది. గొట్టంలోని గాలి బయటికి రావలసిన దారీ అదే. ధార బలంగా ఉంటే గాలి బుడబుడమంటూ పైకి వచ్చేలోపు కొంత మురికినీరు తొట్టిలోకి జారిపోతుంది. మెడకు కొంచెం దిగువన సన్నని గొట్టం బిగించి, దాని రెండో కొసను టీ కంటే ఎత్తున నిలిపితే గాలికి వేరే దారి దొరుకుతుంది.

3. అడుగు రంధ్రం: చిన్న నమూనాలో పెద్ద పొరపాటు

నిండిన గొట్టం తరువాతి వానలోగా ఖాళీ కావాలి. అందుకు అడుగు మూతకు ఒక చిన్న రంధ్రం పెడతారు. ఎక్కువ నమూనాలు లోపం చూపేది ఇక్కడే. దీనికి కారణం పనితనం కాదు, పరిమాణం.

అడుగు మూతకు ఒక మిల్లీమీటరు డ్రిల్లుతో రంధ్రం పెట్టారనుకుందాం. చూడడానికి అది చాలా చిన్నది. గొట్టం నిండుగా, అంటే 52 సెం.మీ. ఎత్తు నీటితో ఉన్నప్పుడు ఆ రంధ్రం గుండా పోయే నీటిని ఇలా లెక్కించవచ్చు:

Q = Cd × a × √(2gH)

Cd 0.6 అనుకుంటే Q గంటకు 5.4 లీటర్లు వస్తుంది. మట్టం తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి రెండు లీటర్లూ ఖాళీ కావడానికి పట్టే సమయం 2V/Q, అంటే దాదాపు 44 నిమిషాలు. ఇంతవరకు ఇబ్బంది కనిపించదు. ఇక కప్పు వైపు నుంచి చూద్దాం. ఒక చదరపు మీటరు కప్పు మీద గంటకు 5.4 లీటర్లంటే గంటకు 5.4 మి.మీ. వాన. అంతకంటే మెల్లగా కురిసే వాన ఎన్ని గంటలు కురిసినా ఈ నమూనాలో గొట్టం నిండదు. తొట్టిలోకి ఒక్క చుక్క కూడా రాదు. ముసురు పట్టిన రోజంతా వచ్చిన నీరు అడుగు రంధ్రం గుండా నేలపాలవుతుంది. ప్రదర్శన రోజున బకెట్టుతో నీళ్లు కుమ్మరిస్తారు కనుక ఈ లోపం ఎవరి కంటా పడదు.

వంద చదరపు మీటర్ల ఇంటి కప్పు మీద ఇదే రంధ్రం ఇంత నీటినే వదిలితే నష్టం గంటకు 0.054 మి.మీ. మాత్రమే, అంటే లెక్కలోకి రానంత. కప్పును వందో వంతుకు కుదించిన విద్యార్థి రంధ్రాన్ని కుదించలేదు. ఫలితంగా అతని నమూనా, వంద చదరపు మీటర్ల ఇంటికి ఒక సెంటీమీటరు రంధ్రం పెట్టినట్టు ప్రవర్తిస్తుంది. కప్పు వైశాల్యం వంద రెట్లు తగ్గితే రంధ్రం వైశాల్యం కూడా వంద రెట్లు, అంటే వ్యాసం పది రెట్లు తగ్గాలి. 0.1 మి.మీ. రంధ్రం చేయడం కష్టం. చేసినా మొదటి ఇసుక రేణువే దానిని మూసేస్తుంది.

దీనికి అందుబాటులో ఉన్న ఉపాయం సెలైన్ గొట్టం. ఆసుపత్రుల్లో వాడే కొత్త సెలైన్ సెట్టులోని బొట్ల గదిని కోసి తీసేయాలి. దానిలో తరచూ ఉండే సన్నని వడపోత తెర మురికినీటికి వెంటనే మూసుకుపోతుంది. మిగిలిన గొట్టాన్ని, దాని మీద జరిగే చక్రాన్ని అడుగు మూతకు బిగిస్తే నీటి వేగాన్ని సర్దుకోవచ్చు. రెండు లీటర్లు సుమారు పన్నెండు గంటల్లో ఖాళీ కావాలంటే, గొట్టం నిండుగా ఉన్నప్పుడు గంటకు 333 మిల్లీలీటర్లు పోవాలి. కొలజాడీ కింద పెట్టి పది నిమిషాలు పట్టి చూస్తే 56 మి.లీ. చేరాలి. చక్రాన్ని అటూ ఇటూ జరుపుతూ ఆ కొలతకు తెచ్చాక దానిని టేపుతో బిగించేయాలి. అప్పుడు వాన కురుస్తుండగా జరిగే నష్టం గంటకు 0.33 మి.మీ.కు దిగుతుంది. చక్రం నొక్కిన సన్నని దారిలో నీటి నడక రంధ్రంలోని నడకకు అచ్చంగా సమానం కాదు. కనుక చివరి నీరు పోవడానికి మరికొంత ఆలస్యం కావచ్చు. అందువల్ల పరీక్షకూ పరీక్షకూ నడుమ పూర్తిగా ఒక రోజు విరామం ఇవ్వడం మంచిది.

పన్నెండు గంటలే ఎందుకు? ఉదయం వాన కురిసి సాయంత్రం మళ్లీ కురిస్తే కప్పు మీద కొత్త మురికి ఎక్కువగా చేరదు. గొట్టం సగం నిండి ఉన్నా నష్టం లేదు. రెండు మూడు రోజులు ఎండ కాసిన తరువాత వచ్చే వానకు మాత్రం గొట్టం పూర్తిగా ఖాళీగా ఉండి తీరాలి. నలభై నిమిషాల్లో ఖాళీ అయ్యే గొట్టం ప్రతి జల్లుకూ మంచినీటిని పారబోస్తుంది. వారం పట్టేది మురికిని తొట్టిలోకి వదిలేస్తుంది.

4. మట్టం కొలత: సెన్సర్ ఏమి వింటుంది

నమూనాలలో ఎక్కువగా వాడే HC-SR04 సెన్సర్ 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని నీటి మీదికి పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. తొట్టి మూతకు లోపలివైపు, గోడలకు దూరంగా, మధ్యలో అమర్చాలి. రెండు సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్నదానిని అది చూడలేదు కనుక తొట్టి పొంగుగొట్టాన్ని మూతకు తగినంత దిగువన పెట్టాలి. నీటికి తట్టుకొనే మూసిన సెన్సర్లు కూడా దొరుకుతాయి. అయితే వాటిలో కొన్నింటికి ఇరవై సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్నది కనబడదు. అరమీటరు ఎత్తు డ్రమ్ములో అది దాదాపు సగం తొట్టిని పోగొట్టుకోవడమే.

వాన పడుతుండగా నీటి ఉపరితలం నిలకడగా ఉండదు. ఒక్క కొలతను నమ్మితే అంకెలు గంతులు వేస్తాయి. ఐదు కొలతలు తీసుకొని వాటిని వరుసలో పెట్టి నడిమిదానిని తీసుకోవడం సగటు కంటే మేలు. ప్రతిధ్వని రాని సందర్భంలో సున్నా వస్తుంది. సగటులో ఆ సున్నా మొత్తం ఫలితాన్ని చెడగొడుతుంది. నడిమి విలువను అది తాకదు.

```cpp
float readCm() {
  float d[5];
  for (int i = 0; i < 5; i++) {
    digitalWrite(TRIG, LOW);  delayMicroseconds(2);
    digitalWrite(TRIG, HIGH); delayMicroseconds(10);
    digitalWrite(TRIG, LOW);
    d[i] = pulseIn(ECHO, HIGH, 30000) * 0.0174;
    for (int j = i; j > 0 && d[j] < d[j-1]; j--) {
      float t = d[j]; d[j] = d[j-1]; d[j-1] = t;
    }
    delay(60);
  }
  return d[2];
}
```

ఇందులోని 0.0174 అనే అంకె మీద కొంత ఆగి ఆలోచించాలి. అది సెకనుకు 348 మీటర్ల ధ్వని వేగంలో సగం, మైక్రోసెకనుకు సెంటీమీటర్లలో. ఈ వేగం సుమారు 28 డిగ్రీల గాలికి సరిపోతుంది. 20 డిగ్రీలకు ధ్వని వేగం 343, 40 డిగ్రీలకు 355 మీటర్లు. తేడా మూడున్నర శాతం. సెన్సర్ నుంచి నీటికి 45 సెం.మీ. దూరం ఉన్న తొట్టిలో అది 1.6 సెం.మీ.కు సమానం, అంటే మన డ్రమ్ములో లీటరున్నరకు పైగా. ఎండలో పెట్టిన తొట్టిలో గాలి వేడెక్కితే ప్రతిధ్వని త్వరగా వస్తుంది. చుక్క వాన పడకుండానే మట్టం పెరిగినట్టు తెర మీద కనబడుతుంది. వదిలేయవలసిన తొలినీరు రెండు లీటర్లే అయినప్పుడు లీటరున్నర దోషం చిన్నది కాదు. తొట్టి లోపలి గాలికి ఒక ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి వేగాన్ని సవరించవచ్చు. అది లేనప్పుడు నమూనాను నీడలో ఉంచి, పావుగంటలో ముగిసే ఒకే పరీక్షలోని పెరుగుదలను మాత్రమే నమ్మాలి. నిన్నటి మట్టంతో నేటి మట్టాన్ని పోల్చకూడదు.

5. మూడు పరీక్షలు: తొట్టి చెప్పే సాక్ష్యం

సెన్సర్ అంకెలను ‘తొట్టి ఇంత శాతం నిండింది’ అని చూపించి ఊరుకోవడం నమూనాలలో పరిపాటి. అదే అంకెలను కప్పు మీద పోసిన నీటితో జతచేసి చూస్తే కథ వేరుగా ఉంటుంది. కింది లెక్క పైన చెప్పిన కొలతల నుంచి వచ్చేది.

తొమ్మిది వేళ్ల మొక్కల డబ్బాతోనో, వరుసగా రంధ్రాలు పెట్టిన పైపుతోనో పది లీటర్ల నీటిని రేకు అంతటా పడేలా, లీటరుకు నిమిషంన్నర చొప్పున పోయాలి. అది గంటకు 40 మి.మీ. వానకు సమానం, చెప్పుకోదగిన జోరువానే. మొదటి పరీక్షలో కప్పు పొడిగా, గొట్టం ఖాళీగా ఉండాలి. రేకును తడపడానికి సుమారు 0.4 లీటరు పోతుందనుకుందాం. తరువాతి రెండు లీటర్లు గొట్టంలోకి దిగుతాయి. అందువల్ల తొట్టి మట్టం కదలడం 2.4 లీటర్లు పోసిన తరువాత, అంటే మూడున్నర నిమిషాలు దాటాక మొదలవుతుంది. పది లీటర్లూ పోసేసరికి సుమారు 7.5 లీటర్లు చేరి మట్టం 7.4 సెం.మీ. పెరుగుతుంది.

వెంటనే రెండవ పరీక్ష చేయాలి. ఇప్పుడు రేకు తడిసి ఉంది, గొట్టం నిండి ఉంది. మట్టం దాదాపు మొదటి నుంచే పెరుగుతుంది. పది లీటర్లకు 9.7 సెం.మీ. వస్తుంది. మరునాడు అదే వేళకు మూడవ పరీక్ష. ఇది మొదటిదానిలా రావాలి. అలా వస్తే గొట్టం రాత్రికి రాత్రి తనను తాను ఖాళీ చేసుకుందని అర్థం. రెండవదానిలా వస్తే మళ్లింపు జరగలేదు. మురికినీరు నేరుగా తొట్టిలోకి చేరింది. మొత్తం నమూనాలో ప్రాణప్రదమైన పరీక్ష ఈ మూడవదే. ప్రదర్శనలలో సాధారణంగా చేయనిదీ ఇదే.

మట్టం ఎప్పుడు కదిలిందో చెప్పడంలో ఒక మెలకువ పాటించాలి. సెన్సర్ గుర్తించగల కనీస తేడా సుమారు మూడు మిల్లీమీటర్లు. అంటే మన డ్రమ్ములో 0.3 లీటరు, కాలంలో దాదాపు అర నిమిషం. తెర మీద మొదటిసారి అంకె మారిన క్షణాన్ని పట్టుకుంటే ఆ మేరకు తప్పు వస్తుంది. దానికి బదులు పోసిన నీటిని అడ్డంగా, మట్టాన్ని నిలువుగా గ్రాఫు మీద గుర్తించి, స్థిరంగా పెరిగిన భాగానికి ఒక సరళరేఖ గీయాలి. ఆ రేఖను వెనక్కి పొడిగిస్తే అది ఎక్కడ అడ్డగీతను తాకుతుందో అదే రేకును తడపడానికి పోయిన నీటితో కలిపిన మళ్లింపు పరిమాణం. రేఖ వాలు రెండవ ప్రయోజనం ఇస్తుంది. పోసిన ప్రతి లీటరుకు మట్టం 0.98 సెం.మీ. చొప్పున పెరగాలి. అంతకంటే తక్కువ వస్తే రేకు అంచుల నుంచి నీరు చిందిపోతోందని, లేదా తూము పొంగుతోందని భావించవచ్చు.

దోషాలను ఈ రేఖ నుంచి ఎలా చదవాలో ఇప్పుడు చెప్పుకోవచ్చు. రేఖ 2.4 లీటర్లకు బదులు 4 లీటర్ల దగ్గర మొదలై వాలు కూడా తగ్గితే అడుగు నుంచి నీరు మరీ వేగంగా పోతోంది. బంతి మెడలో సరిగా కూర్చోకపోతే రేఖ మొదలయ్యే చోటు మారదు. ఎందుకంటే గొట్టం నిండాక నీరు పోయేదారి తొట్టి ఒక్కటే. ఈ దోషాన్ని మట్టం చెప్పలేదు. తొట్టి నీటి రంగే చెప్పాలి. రేఖ సున్నా దగ్గరే మొదలైతే రెండు కారణాలుండవచ్చు. అడుగు దారి మూసుకుపోయి గొట్టం నిండుగానే ఉండి ఉండాలి; లేదా గొట్టం ఖాళీ అయినా బంతి జిడ్డుతో మెడకు అతుక్కొని ఉండాలి. మట్టం ఈ రెంటినీ వేరుచేసి చూపదు. అడుగు మూత విప్పి చూస్తే చాలు. నీరు కారితే మొదటి దోషం, పొడిగా ఉంటే రెండవది.

తొలినీటి పరిమాణం నిజంగా చాలినదా అని చూడాలనుకుంటే, సన్నగా జల్లించిన రోడ్డు దుమ్మును రేకు మీద సమంగా చల్లి మొదటి పరీక్షను తిరిగి చేయవచ్చు. మళ్లింపు గొట్టాన్ని విప్పేసి, వచ్చే నీటిని అరలీటరు చొప్పున వరుస గాజుగ్లాసులలో పట్టి కిటికీ వెలుతురులో పక్కపక్కన పెట్టాలి. నాలుగో గ్లాసు రెండవ లీటరు చివరిది. అయిదవదానిలోని బురద మొదటిదానిలో పాతిక వంతుకు దగ్గరగా ఉంటే సగానికి తగ్గే సూత్రం ఈ రేకుకు వర్తిస్తోందని అనుకోవచ్చు. నున్నని రేకు త్వరగా కడుక్కుపోతుంది. గరుకైన పెంకు, నాచు పట్టిన సిమెంటు కప్పు అలా కావు. టర్బిడిటీ మీటరు ఉన్న ప్రయోగశాలలో కంటి అంచనాకు అంకె తోడవుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500:2012 ఒక ఎన్.టి.యు.ను ఆమోదయోగ్య పరిమితిగా, మరో నీటి వనరు లేనప్పుడు అయిదింటిని గరిష్ఠంగా చెబుతుంది. నీరు తేటగా కనిపించినంత మాత్రాన సూక్ష్మజీవులు లేవని కాదు. మట్టం సెన్సర్‌కు ఆ సంగతి అసలే తెలియదు. కాచడమో, క్లోరిన్ కలపడమో మళ్లింపు తరువాత కూడా తప్పని పనులు.

6. నమూనా నుంచి ఇంటికి

బల్ల మీద 52 సెం.మీ. గొట్టంతో తీరిన పని వంద చదరపు మీటర్ల ఇంటికి వచ్చేసరికి అంత తేలిక కాదు. ఒక మిల్లీమీటరుకే వంద లీటర్లు వదలాలి. ఇళ్లకు సాధారణంగా వాడే 110 మి.మీ. పైపులో మీటరుకు ఎనిమిదిన్నర లీటర్లు పడతాయి. గోడ పొడవునా మూడు మీటర్ల గొట్టం నిలబెట్టినా పట్టేది పాతిక లీటర్లే, అంటే 0.25 మి.మీ. సగానికి తగ్గే సూత్రం ప్రకారం కాలుష్యంలో 84 శాతం తొట్టిలోకి చేరిపోతుంది. కప్పు వైశాల్యం వంద రెట్లు పెరిగినా గోడ ఎత్తు వంద రెట్లు పెరగకపోవడమే ఇందుకు కారణం. గోడకు ఒక గొట్టం ఉంది గనుక మళ్లింపు జరుగుతోందని తృప్తిపడే ఇళ్లలో ఈ లెక్క ఒక్కసారైనా వేసి చూడాలి.

ఇంటికి నాలుగు మూలలా నాలుగు తూములు ఉంటే, ప్రతిదానికి మూడు మీటర్ల మళ్లింపు గొట్టం పెట్టి మొత్తం వంద లీటర్లు సాధించవచ్చు. రెండు మిల్లీమీటర్లు కావాలంటే రెండు వందల లీటర్ల డ్రమ్మునే మళ్లింపు పాత్రగా పెట్టుకోవడం చౌక. మూడు మీటర్ల గొట్టానికి ఒక మిల్లీమీటరు రంధ్రం చాలు. నిండుగా ఉన్నప్పుడు గంటకు పదమూడు లీటర్లు వదులుతూ సుమారు నాలుగు గంటల్లో ఖాళీ అవుతుంది. నాలుగు గొట్టాలూ కలిసి వాన సమయంలో చేసే నష్టం గంటకు అర మిల్లీమీటరు. రంధ్రానికి పైన స్టీలు జాలీ వేసి, అడుగు మూతను చేత్తో విప్పగలిగేలా ఉంచాలి. వానాకాలంలో పక్షానికొకసారి దానిని విప్పి అడుగు బురద కడగవలసిందే.

తొట్టి సాక్ష్యం ఇంటి విషయంలో మరింత స్పష్టంగా ఉంటుంది. 1.2 మీటర్ల వ్యాసం గల తొట్టిలో వంద చదరపు మీటర్ల కప్పు నుంచి వచ్చే ఒక మిల్లీమీటరు వాన మట్టాన్ని 8.8 సెం.మీ. పెంచుతుంది. పోసిన నీటికి బదులు ఇక్కడ మేడ మీద నిలువు గోడల డబ్బాలో పడిన వానను స్కేలుతో పది నిమిషాలకొకసారి కొలిచి రాసుకోవాలి. వాన కురుస్తుండగా ఇంట్లో కుళాయి తిప్పితే రేఖ వంగిపోతుంది. కాబట్టి నీటి వాడకం లేని వేళ కురిసిన వానలనే ఈ లెక్కకు ఎంచుకోవాలి.